నిండు బిందెతో వినేవాళ్ళు

నేను పుట్టుపిరికివాణ్ణి. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం సులువు. తేలంటే భయం, బడి తనిఖీకి వచ్చే దొరంటే భయం, మా నాయన గొంతు సవరించుకుంటే కూడా భయమే. బెదరనిది ఒక్క కాగితం ముందే. తెల్ల కాగితం చేతికిస్తే మాత్రం పులినైపోయేవాణ్ణి. గిద్దలూరు బోర్డు స్కూల్లో పంతులుగా చేరిన కొత్తలో పత్రికలకు వ్యాసాలు పంపేవాణ్ణి. ఒక్కో వాక్యం పేజీలో సగం పట్టేది. అది నాకు గర్వంగా ఉండేది. దొరల ప్రభుత్వం ఇంకా ఉంది, ఊళ్ళలో చదువుకున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కించేంత మంది, నా వాక్యాలకు అడ్డు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

ఆ ఎండాకాలం వాంతిభేది వచ్చింది. సగిలేరు వాగు ఎండిపోయి, ఇసుకలో తవ్విన చెలమల్లో మాత్రమే నీళ్ళున్నాయి. వాగు పొడుగునా ఉన్న పల్లెలన్నీ ఆ చెలమల నీళ్ళే తాగుతాయి. పై ఊళ్ళో ఒకరికి జబ్బు చేస్తే, ఆ బట్టలు వాగులో ఉతికితే, కింది ఊళ్ళోకి జబ్బు దిగివస్తుంది. కింది ఊళ్ళలో ఒకదాంట్లో మా చెల్లెలు కాపురం చేస్తోంది. దానికి మూడేళ్ళ కొడుకు. జబ్బు మొదలైందని విన్న దగ్గరి నుంచీ నాకు ముద్ద దిగడం లేదు.

హెల్త్ ఇన్‌స్పెక్టరు మార్కాపురం సాయిబు. మాదీ మార్కాపురమే, అందుకని నాతో కాస్త చనువు. ఊరూరా తిరిగి, తన కింది మేస్త్రీ చేత బావుల్లో మందు వేయించడం, ఆ బావి నీళ్ళే తాగమని జనానికి చెప్పడం ఆయన పని. ఎర్ర కల్లుప్పులా ఉండే మందు అది. బక్కెట్టు నీళ్ళలో కరిగించి బావిలోకి వదిలితే నీళ్ళన్నీ ఎర్రబడతాయి. అరిచి అరిచి ఆయన గొంతు పోయింది. బొత్తిగా పోయింది. ఒకరోజు మా బడికి వచ్చి, నా చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా అన్నాడు.

"అయ్యవారూ, నువ్వు రాయి. నువ్వే చదువు. నాకు గొంతు లేదు."

పిరికివాణ్ణే అయినా, చెల్లెలి ఊరు ఆ దారిలోనే ఉందని ఒప్పుకున్నాను. ఆ సాయంత్రమే కూర్చుని ఉపన్యాసం రాశాను. అందులో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు:

"గ్రామమునందలి బావులలో ఆరోగ్యశాఖవారిచే వేయబడిన యెర్రని మందు, నీటియందలి వ్యాధికారకములైన క్రిములను నశింపజేయునదియే కాని త్రాగువారికి ఎట్టి హానియు కలిగించునది కానందున, ప్రజలెల్లరును వాగులయందును చెలమలయందును గల కలుషిత జలమును వర్జించి, మందు వేయబడిన బావినీటినే కాచి చల్లార్చి త్రాగవలెను."

కారణం ఉంది, ధైర్యం చెప్పడం ఉంది, వద్దన్నది ఉంది, చెయ్యమన్నది ఉంది. ఒక్క ముక్క తప్పు లేదు. సాయిబు చదివి తల ఊపాడు. నేను మురిసిపోయాను.

మర్నాడు పొద్దున్నే ఎద్దుల బండిలో బయలుదేరాం. మొదటి పల్లెలో దండోరా వేయించి జనాన్ని చావిడి ముందు పోగు చేశారు. భయం ఉండనే ఉంది కానీ కాగితం చేతిలో ఉంది కదా, గొంతెత్తి చదివేశాను. చదివినంత సేపూ ఒక్కరూ కదల్లేదు. అయిపోయాక ముసలాయన ఒకాయన లేచి నాకు దణ్ణం పెట్టాడు.

"శానా బాగా సదివినారయ్యోరూ. పురాణం ఇన్నట్టుండాది."

నా భయం సగం పోయింది. ఇంతేనా అనుకున్నాను. చెల్లెలి ఊళ్ళో కూడా ఇలాగే చదివేస్తే సరిపోతుందనుకుని కాగితం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాను. అప్పుడే ఆడవాళ్ళు ఇళ్ళల్లోంచి బిందెలు తీసుకుని బయలుదేరారు. బావి దాకా వచ్చారు. లోపలికి తొంగి చూసి, ఎర్రనీళ్ళు కనిపించగానే వెనక్కి తగ్గారు. తగ్గి, నేరుగా వాగు దారి పట్టారు.

సాయిబు వాళ్ళలో వెనకబడిన ఒక అవ్వను ఆపాడు. ఆయన గుసగుస ఆమెకు వినపడక, నేనే అడగాల్సి వచ్చింది.

"అవ్వా, ఇప్పుడు నేనేం చెప్పినాను?"

"బాయిలో ఎర్రమందు ఏసినారంట గదా నాయనా. ఏందో నశించిపోతాదంట గదా."

"వాగు గురించి ఏం చెప్పినాను?"

అవ్వ వాగు వైపు చూసింది. "వాగు మాట గూడా వచ్చింది. దానికేముందిలే. మా తాతల కాడినుంచీ ఆ నీళ్ళే గదా" అని బిందె చంకకెత్తుకుని పోయింది.

ఆమె తప్పుగా వినలేదు. నేను అన్న మాటలే అన్నది. మందు అని విన్నది, నశించడం అని విన్నది. అక్కడ భయం పట్టుకుంది. ఆ భయంతో ఆమె అక్కడే నిలబడిపోతే, నా వాక్యం మాత్రం ఆగకుండా ముందుకు పోయింది. నీళ్ళు కాచి తాగమని అది చెప్పే వేళకు వినేవాళ్ళెవరూ దాని వెంట లేరు. వాళ్ళు కదలకుండా కూర్చున్నది వింటూ కాదు, మర్యాద కోసం. ఇంతసేపూ నేను గాలికి చదివాను. ఇదే కాగితం ఇలాగే చదివితే మా చెల్లెలు కూడా దణ్ణం పెట్టి వాగుకు పోతుంది.

సాయిబు నన్ను పక్కకు లాగి గుసగుసలాడాడు. మాటకూ మాటకూ నడుమ గుటక వేయాల్సి వచ్చేది ఆయనకు.

"నీ వాక్యం మంచిదే. నేను చదివినా గదా. మధ్యలో దారి తప్పినా. మళ్ళా పైకి పోయి చదువుకున్నా." గుటక వేశాడు. "కాగితం నా చేతిలో ఉంది కాబట్టి పోయినా. వాళ్ళు యాడికి పోతారు?"

నేను నోరు తెరిచాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"తాగాల్సిందేదో కొసన పెట్టినావు. అంత దూరం అంత బరువు ఎవరు మోస్తారు? ముందు చెప్పు. వద్దనేది ముందు."

ఇదంతా ఆయన గొంతు లేకుండా చెప్పాడు. ఒక్కటీ నాకు మళ్ళీ అడగాల్సిన అవసరం రాలేదు. ఆయనకు ఊపిరి చాలక మాటలు పొట్టిగా తెగుతున్నాయి. తెగిన చోటల్లా నాకు ఆ మాట లోపలికి దిగడానికి వీలు దొరుకుతోంది. నా చదువంతా ఏమైపోయిందో నాకే అర్థం కాలేదు. ఆయన మీద కోపం కూడా వచ్చింది. ముందే చెప్పి ఏడవొచ్చు కదా అనుకున్నాను. ఆయనకు మాత్రం ఎట్లా తెలుస్తుంది, ఆయన ఇన్నాళ్ళూ కాగితం రాసుకోకుండా నోటికొచ్చినట్టు చెప్పినవాడు. కాగితం మీది వాక్యాన్ని ఇలా జనంలోకి వదలడం ఆయనకూ అదే మొదలు.

జనాన్ని మళ్ళీ పిలిచాం. ఈసారి ఆయన నా వెనక నిలబడి గుసగుసగా అన్నాడు, నేను అరిచాను. "వాగు నీళ్ళు తాగొద్దు" అన్నాడు. అరిచాను. ఆయన గుటక వేసేదాకా ఆగాను. "వాగు నీళ్ళలోనే రోగముంది." అరిచాను. జనం మొదట నవ్వారు, తోలుబొమ్మను ఆడిస్తున్నట్టుందని ఎవరో అన్నారు కూడా. కానీ వాగు దారిలో ఉన్న ఆడవాళ్ళు ఆగారు. ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగారు. అందరూ కాదు. ఆ అవ్వ మాత్రం వచ్చి బావి గట్టు మీద కూర్చుని, తాడు వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించింది.

అంతలో ఒక ఇంట్లో కేక పుట్టింది. ఒకతనికి వాంతులు మొదలయ్యాయట. సాయిబు ఆ ఇంటి వైపు పరుగెత్తుతూ, బండి వైపు చెయ్యి చూపించాడు. నన్ను పొమ్మని. ఒంటరిగా. చెల్లెలి ఊరి బావిలో మేస్త్రీ ముందే వెళ్ళి మందు వేసి ఉంటాడు. అంటే అక్కడ కూడా ఈపాటికి నీళ్ళు ఎర్రబడి ఉంటాయి, అక్కడి జనమూ బావిలోకి తొంగి చూసి ఉంటారు.

బండి ఎక్కాను. నా సంచిలో ఎప్పుడూ ఒక పలక ఉంటుంది. మా నాయన మార్కాపురంలో పలకలు కోసే పని చేసేవాడు, పలక లేకుండా నేను ఎక్కడికీ పోను. కాగితం తీయడానికి చెయ్యి రాలేదు. పలక తీసి బలపంతో రాయడం మొదలుపెట్టాను. పలక మీద ఒక మేలుంది. వాక్యం ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరేలోపల ముగియాలి. కింది వరసకు పాకనివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను. వాగులోని నీళ్ళు తాగవద్దు. బావిలోని నీళ్ళు తోడుకోండి. ఎర్రని నీళ్ళకు బెదరవద్దు. పొయ్యి మీద నీళ్ళు కాచుకోండి. అన్నీ పొట్టివే. చూడ్డానికి ఎంతో కుదురుగా ఉన్నాయి. పైకి చదివాను. ఎంతో హాయిగా సాగింది.

బండి తోలే పెద్దాయన కథ వినేవాడిలా వరస వరసకూ "ఊఁ" కొడుతున్నాడు. ఎద్దుల నడకకు, నా వాక్యాలకు, ఆయన ఊఁ లకు సరిగ్గా కుదిరింది. నాకు ఎందుకో అనుమానం వచ్చింది. అదే గొంతుతో, అదే వేగంతో చదివాను.

"వాగులోని నీళ్ళే తాగండి."

"ఊఁ" అన్నాడాయన.

"బావిలోని నీళ్ళు పారబొయ్యండి."

"ఊఁ."

పొట్టివైతే చాలనుకున్నాను. పలక అంచులు అన్నిటినీ ఒకే కొలతకు కోసేశాయి, అవి బళ్ళో పిల్లలు పాడే ఎక్కాల్లా తయారయ్యాయి. ఎక్కాలు పాడే పిల్లవాడు అర్థం వినడు, ఊపు వింటాడు. ఊపు బాగుంటే నిద్ర కూడా పోతాడు. పొద్దుటి వాక్యంలో జనం దారి తప్పారు. దీంట్లో దారి తప్పకుండానే నిద్రపోతారు. దూరంగా చెల్లెలి ఊరి ఇళ్ళ కప్పులు కనిపిస్తున్నాయి. ఏడుపొచ్చింది నాకు. పలకంతా చేత్తో తుడిచేశాను.

సాయిబు ఎలా మాట్లాడాడో గుర్తు తెచ్చుకున్నాను. అన్నీ పొట్టిగా మాట్లాడలేదు. ఊపిరి ఉన్నంతవరకు కొంచెం పొడుగ్గా అనేవాడు, ఊపిరి అయిపోయినప్పుడు రెండే మాటలు. "వాళ్ళు యాడికి పోతారు?" అన్నాడు చూడండి, అది అంతకుముందు నడిచిన మాటల తరవాత వచ్చింది కాబట్టే గుండెకు తగిలింది. వినేవాణ్ణి కాసేపు వెంట నడిపించాలి. నడిపించి, ఠక్కున ఆపాలి. ఆపిన చోట, వాడు మరిచిపోకూడనిది ఉండాలి. ఇదంతా ఇంత తీరుగా ఆనాడు తోచిందని చెప్పను. అప్పుడు తోచింది ఒక్కటే, మా చెల్లెలు నిద్రపోకూడదని.

పలక మీద మూడు మాటలు మాత్రం రాసుకున్నాను. వాగు. బావి. కాచు.

ఊళ్ళోకి పోతుంటే బావి దారిలోనే తగిలింది. చుట్టూ ఒక్క నరపురుగు లేదు. నీళ్ళు తోడే తాడు ఎండి గట్టి పడి ఉంది, గట్టు మీద తడి లేదు. ఆ పొడి గట్టు చూసినప్పుడు నాకు పట్టిన భయం ఇంకెప్పుడూ పట్టలేదు. ఊరంతా వాగు నీళ్ళు తాగుతోందన్నమాట. ఏదో వీధిలోంచి ఆడవాళ్ళ ఏడుపు వినిపిస్తోంది. అది మా చెల్లెలి వీధి కాదని నాకు నేను చెప్పుకున్నాను, కానీ వాళ్ళ వీధి ఎటు వైపో కూడా ఆ క్షణంలో గుర్తు రాలేదు.

ముందు చెల్లెలి ఇంటికి పరుగెత్తాలని ఉంది. మునసబు నన్ను పోనివ్వలేదు. "జనం ఎదురు సూస్తా ఉండారయ్యోరూ, ముందు ఆ నాలుగు మాటలు సెప్పండి" అని చావిడి ముందు నిలబెట్టాడు. జనంలో వెతికాను. మా చెల్లెలు లేదు. బావ లేడు. పిల్లాడు లేడు.

మాట్లాడటం మొదలుపెట్టాను.

"వాగు నీళ్ళు తాగొద్దు."

ఆగాను. వాళ్ళు నా మొహం చూశారు.

"పై ఊళ్ళో రోగమొచ్చినోళ్ళ బట్టలు ఆ వాగులోనే ఉతికినారు, ఆ నీళ్ళే ఇసకలో ఇంకి మీ చెలమలోకి వచ్చినాయి, పొద్దున మీరు తెచ్చుకున్న బిందెలో ఉండేది ఆ నీళ్ళే. పారబొయ్యండి."

ఎవరో గొణిగారు. నేను గొణుగుడు అయ్యేదాకా ఊరుకున్నాను.

"బావి నీళ్ళు ఎర్రగా ఉండాయి. ఉండనీ. అది మందు. దానికి సచ్చేది రోగం, మనుషులు గాదు."

"నువ్వు తాగుతావా?" అని వెనకనుంచి ఒక గొంతు అడిగింది.

"తాగుతా. కాచి తాగుతా. మీరూ కాచి తాగండి."

ఇంకా చెప్పాల్సింది ఉంది. కానీ అప్పుడే వాగు దారిలోంచి మా చెల్లెలు వచ్చింది. చంకలో నిండు బిందె. కొంగు పట్టుకుని పిల్లాడు. నన్ను చూసి ముఖం విప్పారింది దానికి. అన్న వచ్చినాడని. జనం వెనక నిలబడి వినడం మొదలుపెట్టింది, బిందె దించకుండానే.

నాకు మాట రాలేదు. నిజంగానే రాలేదు. పిల్లాడి చొక్కా ముందు భాగం తడిసి ఉంది. చెలమ దగ్గర దోసిలితో తాగి ఉంటాడు. ఇంతమంది ముందు దాన్ని పేరు పెట్టి అరవాలా, పరుగెత్తిపోయి ఆ బిందె లాక్కోవాలా, ఏమీ తోచలేదు. చావిడి ముందు అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. నేను దాని వైపు చూస్తున్నాను. ఒకరొకరే తిరిగి అది నిలబడిన వైపు చూశారు.

చివరికి ఒక్క మాట బయటికి వచ్చింది.

"వాగు నీళ్ళు తాగొద్దు."

మొదట చెప్పిందే. ఇంకేమీ లేదు.

అది బిందె దించింది. దించి, నా వైపే చూస్తూ వంచేసింది. నీళ్ళు మట్టిలో పారుకుంటూ జనం కాళ్ళ మధ్య నుంచి వచ్చాయి. వాళ్ళు తొక్కకుండా పక్కకు జరిగారు. ఆ మధ్యాహ్నం చావిడి పక్క ఇళ్ళలోంచి బిందెలు, కుండలు బయటికి వచ్చి ఒలికిపోతూనే ఉన్నాయి. బావి తాడు తడిసింది. ఎవరు మొదట తోడారో నేను చూడలేదు, నేను అప్పటికే చెల్లెలి ఇంట్లో పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"తాగినాడా?" అని అడిగాను.

"దప్పికని ఏడిస్తే తాపినాన్నా" అంది. అని కొంగు నోట్లో కుక్కుకుంది.

తరవాతి రోజు దాకా మేము బతికిన తీరు రాయడానికి నాకు ఇప్పటికీ చేతులు రావు. పిల్లాడు కాస్త కదిలితే మా పై ప్రాణాలు పైనే పోయేవి. దగ్గితే చూసేవాళ్ళం, మూలిగితే చూసేవాళ్ళం, నవ్వితే కూడా ఎందుకు నవ్వాడా అని భయపడేవాళ్ళం. బావ గుమ్మంలో కూర్చుని లేవలేదు. ఎర్ర నీళ్ళు కాచి, చల్లార్చి, చెంచాతో వాడి నోట్లో పోసింది చెల్లెలు. పొద్దెక్కాక వాడు లేచి సంగటి అడిగాడు. సంగటి! అది గిన్నెలో పెట్టి ఇచ్చే తొందరలో సగం ముద్ద కింద పడింది. ఆ రోజూ ఆ మర్నాడూ వాడికి ఏమీ కాలేదు. అదే వాగు నీళ్ళు తాగి పక్క వీధిలో ఇద్దరు పోయారు. మావాడు ఎందుకు మిగిలాడో నాకు తెలియదు, తెలిసినట్టు చెప్పుకోను.

తరవాత చాలా ఏళ్ళు బడి పని చేశాను, వ్యాసాలూ రాశాను. కాగితం మీద ఇప్పటికీ పొడుగు వాక్యమంటేనే ఇష్టం నాకు. చదివేవాడు చెట్టు కిందో దీపం ముందో కూర్చుంటాడు, కావాలంటే వెనక్కి పోతాడు, వాడికి తొందర లేదు. వినేవాళ్ళు అట్లా కాదు. వాళ్ళు నిండు బిందె చంకలో పెట్టుకుని నిలబడి వింటారు. ఎవరి ముందు నోరు విప్పాల్సి వచ్చినా ఆ బిందే గుర్తొస్తుంది, నా వాక్యం దానంతట అదే తెగిపోతుంది.

మా చెల్లెల్ని ఒకసారి అడిగాను, ఆ రోజు నేను చెప్పిందాంట్లో నీకు ఏం గుర్తుందని. కొడుకు పెళ్ళి పనుల్లో ఉంది, ఆనాటి ఆ పిల్లాడి పెళ్ళే, పసుపు దంచుతోంది.

"నువ్వు సెప్పింది గుర్తులేదన్నా" అంది. "నువ్వు మాట్లాడేది ఆపి నా దిక్కు సూసినావు సూడు, అప్పుడు తెలిసింది నాకు. నా సంకలో ఉండేది నీళ్ళు గాదని."

అని మళ్ళీ దంచడం మొదలుపెట్టింది. కాసేపటికి పెళ్ళికొడుకు దాహమంటూ లోపలికి వచ్చాడు. అది రోకలి ఆపి, తలెత్తి, వాడు చెంబు ఏ కుండలో ముంచుతున్నాడో చూసింది.